ప్లస్ 700 కాదు, ప్లస్ 1700

తడ చుట్టుపక్కల పొలాల్లో పనిచేసేవాళ్లకు రక్తపింజరి తెలియని పాము కాదు. కాటు పడ్డ మనిషిని ముందు దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకుపోతారు. అక్కణ్నుంచి సూళ్లూరుపేటకో నాయుడుపేటకో, మూత్రం తగ్గిందంటే తిరుపతికో పంపుతారు. సరిహద్దు ఊరు కాబట్టి కొందరు చెన్నై దారి పడతారు. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొట్టడంతో ఆగదు, కిడ్నీలను కూడా దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుదలగా కనబడటానికి సమయం పడుతుంది. మూత్రం మాత్రం గంటల్లోనే తగ్గిపోతుంది. అందుకే ఈ రోగి దగ్గర అన్నిటికన్నా ముందు నోరు విప్పేది ఐ-ఓ చార్టు. రోగి ఒంట్లోకి గంటగంటకు ఎంత ద్రవం పోయింది, ఎంత బయటికి వచ్చింది అని నర్సులు రాసే కాగితం అది.

పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుకు ఇరవైనాలుగు గడులనూ చదివే తీరిక ఉండదు. ఆయన అడిగేది ఒక్కటే: "బ్యాలెన్స్ ఎంత సిస్టర్?" ఆ ఒక్క అంకె చెప్పడానికి కూడిక, తీసివేత వస్తే చాలుననుకుంటారు చాలామంది. నిజానికి కూడటానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి గడిలో ఉన్న అంకె దేన్ని చెబుతోందో తేల్చుకోవాలి. ఎలా తేల్చుకోవాలో చూపడానికి ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. ఇలాంటి చార్టులు ఏ వార్డులోనైనా కనబడతాయి.

మన రోగి బరువు 60 కిలోలు. సాయంత్రం కాలి మీద కాటు పడింది. అర్ధరాత్రి దాటాక పెద్దాస్పత్రికి చేరాడు. తెల్లవారుజామున నాలుగింటికి విషవిరుగుడు మందు, అంటే ఏఎస్‌వీ, మొదటి పది వయల్స్ ఎక్కించారు. చార్టు రోజు పొద్దున ఎనిమిదికి మొదలై మర్నాడు ఎనిమిదికి ముగుస్తుంది. మధ్యలో మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి డ్యూటీ మారుతుంది. కాబట్టి ఆరు గంటలు, ఆరు గంటలు, పన్నెండు గంటలుగా మూడు ఉపమొత్తాలు వస్తాయి. అన్నిటినీ చివర్లో ఒకేసారి కూడితే తప్పు ఎక్కడ దూరిందో కనిపెట్టలేం. డ్యూటీ అప్పజెప్పేటప్పుడే ఎవరి ఉపమొత్తం వాళ్లు వేసి సంతకం పెట్టడం ఈ పనిలో పాత పద్ధతి, మంచి పద్ధతి.

ఇన్‌టేక్ వైపు చార్టులో ఉన్నవి ఇవి. నోటితో తాగినవి పొద్దున 350 మి.లీ., మధ్యాహ్నం 300, రాత్రి 250. సెలైన్ గంటకు 75 చొప్పున సాయంత్రం నాలుగు దాకా పోయింది, ఆ తర్వాత డాక్టరు ఆపించారు. అంటే పొద్దున డ్యూటీలో 450, మధ్యాహ్నం డ్యూటీలో 150. అంతా కలిపితే 1500. ఔట్‌పుట్ వైపు మూత్రం 600, ఒకసారి వాంతి 200, మొత్తం 800. బ్యాలెన్స్ ప్లస్ 700. అంకెల కూడికలో తప్పేమీ లేదు. అయినా ఇందులో ఒక్క మొత్తం కూడా నిజం కాదు.

మూత్రం గడుల్లోకి పోదాం. పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా రాసినవి: 20, 45, 60, 80, 95, 110. ఆ తర్వాతి గడిలో 10. మూత్రం తగ్గిపోతున్న రోగికి గంటగంటకు అంకె ఇంత వరుసగా పెరుగుతూ పోయి, డ్యూటీ మారగానే ఒక్కసారి పడిపోవడం ఏమిటి? కిడ్నీలు డ్యూటీ మార్పును చూసి పనిచేయవు. పొద్దున రాసినవి ఆ గంటలో వచ్చిన మూత్రం కాదు, యూరోబ్యాగులో అప్పటిదాకా చేరిన మట్టం. రెండింటికి బ్యాగు ఖాళీ చేశారు, కొత్త సిస్టర్ గంట లెక్కన రాయడం మొదలుపెట్టింది. మట్టాలను మూత్రంగా ఎంచి కూడితే 410 వస్తుంది. ఆరు గంటల్లో నిజంగా వచ్చింది చివరి మట్టం, 110 మాత్రమే. మధ్యాహ్నం డ్యూటీలో 70, రాత్రి 120. రోజు మొత్తం మూత్రం 600 కాదు, 300.

మట్టం రాయడం తప్పు కాదు. బ్యాగు మీద కనబడేది మట్టమే కదా. గంట గడికి పక్కన ఇంకో చిన్న గడి గీసుకుని ఒకదాంట్లో మట్టం, ఇంకోదాంట్లో తేడా రాస్తే ఈ గందరగోళం ఉండదు. బ్యాగు ఖాళీ చేసిన చోట ఒక గీత గీసి, ఖాళీ చేసింది ఎంతో రాయాలి. అప్పుడు ఖాళీ చేసిన మొత్తాలు, గంటల తేడాల కూడిక ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే రౌండ్స్‌కు ముందే వెతకొచ్చు.

ఇక ఇన్‌టేక్. పొద్దున పదింటికి రక్తం గడ్డకట్టే పరీక్ష మళ్లీ చేశారు. శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మి.లీ. రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టలేదు కాబట్టి ఇంకో పది వయల్స్ ఇచ్చారు. పొడిగా ఉండే ఏఎస్‌వీ వయల్ ఒక్కోదాన్ని పది మి.లీ. నీటిలో కరిగిస్తారు, అది 100. దాన్ని 300 సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కించారు. మొత్తం 400 మి.లీ. మందుల కాగితంలో దీనికి టిక్కు ఉంది, ఐ-ఓ చార్టులో ఏమీ లేదు. యాంటీబయాటిక్ కూడా అంతే. మూడు పూటలా 100 మి.లీ. సీసాలో కలిపి ఇచ్చారు, 300. చార్టు రాసేవాళ్లకు అది మందు, అందుకే సెలైన్ గడిలో పడలేదు. ఒంటికి మాత్రం రెండూ నీళ్లే. 1500కు ఈ 700 కలిపితే అసలు ఇన్‌టేక్ 2200.

రాత్రి సిస్టర్ పొద్దున ఏడింటికి చార్టునూ మందుల కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఇలాంటివి పది నిమిషాల్లో బయటపడతాయి. ఎక్కుతున్న సీసా విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. తగిలించినప్పుడు 500 అని రాసేస్తే, ఎనిమిదింటికి సీసాలో సగం మిగిలి ఉన్నప్పుడు ఆ సగం ఈ రోజుదా రేపటిదా అనే చిక్కు వస్తుంది. రెండు రోజుల్లోనూ పడుతుంది, లేదా రెంటిలోనూ పోతుంది. ఎక్కినంతే రాయాలి. ఎనిమిదింటికి సీసా మీద గీత గీసి, మిగిలినదాన్ని కొత్త రోజు ఖాతాలో మొదలుపెట్టాలి.

నోటితో తాగిందే అన్నిటికన్నా జారిపోయే లెక్క. "పొద్దుట్నుంచి ఏమన్నా తాగినాడా అమ్మా?" అని సిస్టర్ అడిగితే, "ఏమీ తాగలేదు సిస్టరమ్మా, రెండు బోండాలు మాత్రం ఇచ్చినా" అంటుంది భార్య. ఆమె అబద్ధం చెప్పడం లేదు. బోండాం నీళ్లు ఆమె లెక్కలో బలం, తాగడం కిందికి రావు. మూత్రం ఆగిన మనిషికి ఆ బోండాంతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అందులో పొటాషియం బాగా ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. అందుకే "ఏమన్నా తాగినాడా" అని కాక, గంజి, మజ్జిగ, కాఫీ, బోండాం అని పేరుపేరునా అడగాలి. మంచం పక్కనున్న స్టీలు గ్లాసులో ఎన్ని మి.లీ. పడతాయో చేరిన రోజే ఒకసారి కొలిచి చార్టు మీద రాసిపెట్టాలి.

ఇప్పుడు సరిచేసిన లెక్క: లోపలికి 2200, బయటికి 500, బ్యాలెన్స్ ప్లస్ 1700. పాత అంకెకూ దీనికీ వెయ్యి మి.లీ. తేడా. ఏది నిజమో తూకం చెబుతుంది. చెమట రూపంలో, ఊపిరితో పోయే నీరు ఏ బ్యాగులోనూ పడదు. పెద్దవాళ్లకు కిలోకు గంటకు అర మి.లీ. అని స్థూలంగా వేసుకుంటారు. 60 కిలోలకు రోజుకు 720. జ్వరం ఉంటే ఇంకా ఎక్కువ. ప్లస్ 1700లోంచి దాన్ని తీసేస్తే దాదాపు ఒక లీటరు ఒంట్లో నిలిచింది, అంటే కిలో బరువు పెరగాలి. నిన్న 60.0 ఉన్న మనిషి ఈ పొద్దున అదే మిషను మీద 61.1 తూగాడు. ప్లస్ 700 నిజమైతే బరువు దాదాపు కదలకూడదు. తూకం కూడా గుడ్డిగా నమ్మదగింది కాదు. రోజూ ఒకే వేళకు, ఒకే మిషను మీద, అవే బట్టలతో తూచినప్పుడే అది సాక్ష్యం. కంటికి కనబడని ఈ నష్టాన్ని ఔట్‌పుట్ గడిలో కలపకూడదని నా గట్టి అభిప్రాయం. అది అంచనా, మిగతావి కొలతలు. రెంటినీ కలిపేస్తే రేపు సరిచూసుకోవడానికి కొలత మిగలదు.

ఖాళీ గడికీ సున్నాకూ కూడా ఇదే తేడా. మూత్రం రాలేదంటే సున్నా వేయాలి. రోగి స్కానింగుకు పోయినందువల్ల కొలవలేదంటే "కొలవలేదు" అని రాయాలి. ఖాళీగా వదిలితే కూడేవాళ్లు దాన్ని సున్నా చేసేస్తారు.

రౌండ్స్‌కు సిస్టర్ చెప్పాల్సిందంతా మూడు నాలుగు వాక్యాల్లో సరిపోతుంది: "నిన్న ఎనిమిది నుంచి ఈరోజు ఎనిమిది దాకా ఇన్‌టేక్ 2200, ఏఎస్‌వీ, యాంటీబయాటిక్ కలుపుకుని. ఔట్‌పుట్ 500, అందులో మూత్రం 300. బ్యాలెన్స్ ప్లస్ 1700, బరువు 1.1 కిలో పెరిగింది. చివరి పన్నెండు గంటల్లో మూత్రం గంటకు పది." ఇందులో చివరి వాక్యమే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. రోజు మొత్తం నిన్నటి కథ చెబుతుంది, చివరి గంటలు ఈ పొద్దుటి స్థితి చెబుతాయి.

ఆ 300ను 60 కిలోలతో, 24 గంటలతో భాగిస్తే కిలోకు గంటకు 0.2 మి.లీ. వస్తుంది. రోజంతా 0.3 కన్నా తగ్గితే కిడ్నీ దెబ్బ మూడో దశ కింద లెక్క అంటాయి 2012 నాటి కేడీగో ప్రమాణాలు. పాత లెక్కలోని 600తో 0.4 వచ్చేది. రోజుకు 400 మి.లీ. కన్నా ఎక్కువే కాబట్టి మూత్రం బాగానే వస్తోందనీ, సెలైన్ మళ్లీ మొదలుపెట్టి చూద్దామనీ ఎవరైనా అనుకోవడానికి అవకాశం ఉండేది. నిజమైన లెక్క చూసిన డాక్టరు ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు వినబడుతోందా అని చూస్తారు, పొటాషియం పరీక్షకు రక్తం పంపిస్తారు, డయాలసిస్ గురించి కిడ్నీ డాక్టర్లతో మాట్లాడతారు. ఆ రోజు ఇవ్వాల్సిన ద్రవాన్ని నిన్నటి ఔట్‌పుట్‌కు ఇంకో 500 కలిపి లీటరు దగ్గర కడతారు. మందులు కలిపే సెలైన్ కూడా ఆ లీటరులోదే.

తడ వంటి చోటు నుంచి వచ్చినవాళ్ల చార్టులో ఇంకో లోటు ఉంటుంది. మొదటి ఆస్పత్రిలో, దారిలో 108లో ఎక్కిన సీసాలు పెద్దాస్పత్రి చార్టులో ఉండవు. ఇక్కడి చార్టు చేరిన గంట నుంచి సున్నాతో మొదలవుతుంది. రోజుల బ్యాలెన్సులను వరుసగా కూడి చూసే మొత్తానికి ఆ తొలి రాత్రి అంకెలే పునాది. రిఫరల్ కాగితంలో ఎన్ని వయల్స్, ఎన్ని సీసాలు, మూత్రం ఎన్ని గంటలకు వచ్చింది అనే మూడు సంగతులు రాసి పంపితే ఆ లోటు తీరుతుంది. కాగితంలో లేకపోతే అటెండరునో అంబులెన్సు మనిషినో అడిగి, చార్టు మొదటి గడికి పైన "ముందు ఎక్కినవి" అని రాసుకోవాలి.

కిడ్నీలు కోలుకునే దశలో ఇదే చార్టును తిరగేసి చదవాలి. రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత, మూత్రం ఒక్కసారిగా పెరిగి రోజుకు మూడు లీటర్లు దాటవచ్చు. ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, డాక్టర్లు కూడా. అప్పుడు మైనస్ 1500 వరుసగా రెండు రోజులు వచ్చిందంటే, రోగి నీళ్లూ ఉప్పూ కోల్పోయి బీపీ పడిపోయే దారిలో ఉన్నాడని అర్థం. నిన్నటిదాకా లీటరుకు కట్టిన మనిషికి ఆ రోజు నుంచి తాగమని చెప్పాలి. ఆ మాట ఎప్పుడు చెప్పాలో తెలిసేది కూడా పొద్దున ఎనిమిదింటికి వేసిన ఆ మొత్తంతోనే.