72 డిగ్రీల కోసైన్‌లో √5 ఎక్కడిది?

72 డిగ్రీల కోసైన్ విలువ (√5−1)/4, దశాంశాల్లో సుమారు 0.309017. సైన్ 18 డిగ్రీల విలువా ఇదే. భాస్కరాచార్యుడు 1150లో రాసిన సిద్ధాంతశిరోమణిలోని జ్యోత్పత్తి భాగంలో దీనికి సూత్రం ఉంది. త్రిజ్యను వర్గం చేసి, అయిదుతో గుణించి, వర్గమూలం తీసి, త్రిజ్యను తగ్గించి, నాలుగుతో భాగిస్తే 18 డిగ్రీల జ్య వస్తుంది. పాత పట్టికల్లో వాడే త్రిజ్య 3438 తీసుకుంటే √5 రెట్లు 7687.6. అందులో 3438 పోతే 4249.6, నాలుగో వంతు 1062.4.

సూత్రం ఫలితాన్ని చెబుతుంది గాని ఆ అయిదూ నాలుగూ ఎక్కడివో చెప్పదు. ఇంటర్ పుస్తకాల్లో కనబడే దారి A = 18° అనుకుని, 2A, 3A కలిస్తే 90 డిగ్రీలన్న సంగతితో నడుస్తుంది. జవాబు వస్తుంది, కానీ ఆ అంకెల పుట్టుక అందులోనూ మరుగునే ఉంటుంది. ఏకకపు అయిదో మూలాలతో వెళ్తే అది కళ్ల ముందే జరుగుతుంది. 

z⁵ = 1 అనే సమీకరణానికి సంకీర్ణ సంఖ్యల్లో అయిదు మూలాలు. అవి ఒక యూనిట్ వ్యాసార్థం ఉన్న వృత్తం మీద 0, 72, 144, 216, 288 డిగ్రీల దగ్గర సమాన దూరాల్లో కూర్చుంటాయి. మొదటిది 1. దాన్ని పక్కన పెట్టడానికి z⁵−1ని z−1తో భాగిస్తే మిగిలేది:

z⁴ + z³ + z² + z + 1 = 0

నాలుగో ఘాతం చూసి జంకనక్కర్లేదు. గుణకాలు ఎటునుంచి చదివినా ఒకటే. అందుకే z²తో భాగించి, రెండు చివరల నుంచి పదాలను జంటలు కట్టవచ్చు:

(z² + 1/z²) + (z + 1/z) + 1 = 0

z + 1/z = w అనుకోవాలి. z వృత్తం మీద θ కోణం దగ్గర ఉంటే 1/z దాని ప్రతిబింబం, −θ దగ్గర. రెండూ కలిపితే ఊహాభాగాలు కొట్టుకుపోయి 2cos θ మిగులుతుంది. కాబట్టి w వాస్తవ సంఖ్యే. wని వర్గం చేస్తే z² + 2 + 1/z² కదా. అంటే z² + 1/z² విలువ w² − 2. విద్యార్థులు జారిపడేది ఇక్కడే. ఆ −2 మరిచిపోతే w² + w + 1 = 0 వస్తుంది. దానికి వాస్తవ మూలాలే లేవు. w వాస్తవమని ముందే తెలుసు గనుక తప్పు వెంటనే పట్టుబడుతుంది. సరైన సమీకరణం ఇది:

w² + w − 1 = 0

దీని విచక్షణి 1 + 4 = 5. భాస్కరుడి అయిదు ఇదే. సాధన w = (−1 ± √5)/2. ఇక w అంటే 2cos θ గనుక మరోసారి రెండుతో భాగించాలి. రెండు రెళ్లు నాలుగు. ఆయన నాలుగు అలా వచ్చింది.

రెండు గుర్తుల్లో ఏది? 72 డిగ్రీలు మొదటి పాదంలో ఉంది, కోసైన్ ధనాత్మకం. కాబట్టి cos 72° = (√5−1)/4. రెండో మూలాన్ని పారేయకూడదు. అది cos 144° = −(√5+1)/4. గుర్తు మారిస్తే cos 36°. దాని వర్గాన్ని ఒకటి నుంచి తీసేస్తే sin² 36° = (5−√5)/8. జ్యోత్పత్తిలో 36 డిగ్రీల జ్యకు ఇచ్చిన సూత్రం సరిగ్గా ఇదే. భాస్కరుడి రెండు సూత్రాలూ ఒకే వర్గసమీకరణపు రెండు మూలాల నుంచి వచ్చినవన్నమాట.

ఈ పద్ధతికి హద్దు ఏడు దగ్గరే ఎదురవుతుంది. z⁷ = 1తో అదే జంటకట్టు నడిపితే వచ్చేది

w³ + w² − 2w − 1 = 0

ఇది ఘనసమీకరణం. దీనికి అకరణీయ మూలం ఉంటే అది 1 గానీ −1 గానీ కావాలి, రెండూ సరిపోవు. అందుకే వర్గమూలాలతోనే ఈ w ఇచ్చే కోసైన్‌ను రాయడం కుదరదు. స్కేలు, వృత్తలేఖినితో క్రమ సప్తభుజిని గీయడమూ కుదరదు.

లీలావతిలో ఈ తేడా అంకెల్లోనే కనబడుతుంది. వృత్తంలో ఇమిడే క్రమ బహుభుజి భుజానికి, వ్యాసాన్ని ఒక గుణకంతో గుణించి 1,20,000తో భాగించమంటాడు భాస్కరుడు. పంచభుజికి ఆయన ఇచ్చిన గుణకం 70534. నేటి లెక్కలోనూ దగ్గరి పూర్ణాంకం అదే. సప్తభుజికి ఇచ్చింది 52055, రావలసింది 52066.