జవాబు అడగని ఆరు ప్రశ్నలు

పావగడ తాలూకాలో, మా అరసికెరె వైపు, చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. పుస్తకం చూడకుండా చెవితో తెలుగు నేర్చినవాళ్లకు ఒక సంగతి తెలుసు: ‘వాడు వింటాడా!’ అంటే ‘వినడు’ అని అర్థం. అడిగినట్టే ఉంటుంది కానీ, చివర గొంతు పైకి లేవదు, కిందికి దిగుతుంది.

పోతన భాగవతం సప్తమ స్కంధంలో, మందార మకరందంతో మొదలయ్యే సీస పద్యం ఈ దిగే గొంతు మీదే నిలబడింది. చెప్పేది ప్రహ్లాదుడు, వినేది గురువు. హరిని మరచిపొమ్మంటే ‘కుదరదు’ అని గురువు ముఖానే అనడం పసివాడికి మర్యాద కాదు. అందుకని అడుగుతాడు. కాదనే పని గురువుకే వదిలేస్తాడు.

మందారపు తేనెలో తేలే తుమ్మెద ఉమ్మెత్తకు పోతుందా? ఆకాశగంగ అలల మీద ఊగే రాజహంస మామూలు ఏళ్లకు వెళుతుందా? లేత మావిచిగుళ్లు తిని పరవశించే కోయిల కొడిసె చెట్టు చేరుతుందా? నిండు వెన్నెలకు పొంగే చకోరం దట్టమైన మంచులోకి సాగుతుందా? ప్రతి పాదంలోనూ ముందు సుఖం, తర్వాత ప్రశ్న. సుఖాన్ని మనకు రుచి చూపించాకే అడుగుతాడు కనుక ‘పోదు’ అనడానికి ఆలోచించనక్కరలేదు. వెళ్లడానికి నాలుగు చోట్లా నాలుగు క్రియలు: పోవు, చను, చేరు, అరుగు. మాట మారుతున్నా మన జవాబు మారదు.

ఇంకో పనితనం యతిలో ఉంది. మధుపానికి మదనంతో, కోయిలకు కుటజంతో యతి కుదిరింది. మదనమంటే ఉమ్మెత్త, కుటజమంటే కొడిసె. చెవి ప్రతి జతలోని రెంటినీ కలుపుతుంటే, ప్రశ్న వాటిని విడదీస్తుంది.

నాలుగుసార్లు కాదన్నాక ఎత్తుగీతి వస్తుంది. ఇక్కడ ‘పోతుందా’ అని కాదు, విష్ణుపాదాల తలపుతో మత్తెక్కిన మనసు ఇంకోచోటు ‘ఎలా’ చేరుతుందని అడుగుతాడు. తుమ్మెద గురించీ పిట్టల గురించీ ఒప్పుకున్న గురువు మనసు గురించి కాదనలేడు. వెయ్యి మాటలెందుకు అనే ఆరో ప్రశ్న తలుపు మూసేస్తుంది.

ఇలాంటి ప్రశ్నకు పరీక్ష సులువు. వెనకాల ‘పోదు’ అని చేర్చి చూడండి. ఆ మాట దండగ అనిపిస్తే ప్రశ్న పండినట్టే. జవాబు చదివేవాడి దగ్గర ముందే లేకపోతే మాత్రం పండదు. ఉమ్మెత్త మా చేలగట్ల మీద కనిపించేదే, అక్కడ తడబాటు లేదు. కుటజం ఏమిటో తెలియనివాడికి మాత్రం మూడో పాదం నిజంగానే ప్రశ్నగా మిగులుతుంది. వాడు కాదనడానికి బదులు నిఘంటువు తెరుస్తాడు. అప్పుడైనా ముందు రెండు పాదాల్లో పడిన అలవాటు వాడిని ‘చేరదు’ అనే వైపుకే లాగుతుంది.