ఒక్క గడి, ఒక్క వాక్యం

బడి గ్రంథాలయం కోసం మూడు వందలమంది పూర్వ విద్యార్థులకు ఒకే ఉత్తరం వెళ్ళాల్సి వచ్చింది. మా కార్యదర్శి గారి పనితనం అక్కడే చూడాలి. ఎక్సెల్‌లో పేరు పక్కన ఇంకో కాలమ్ పెట్టి, పాత సావనీర్లు తిరగేసి, ఒక్కొక్కరికీ ఒక్క వాక్యం రాస్తారావిడ: "1994లో మీరు చేసిన గాలిమర ఇంకా ల్యాబ్ బీరువా మీదే ఉంది." అదే వాక్యం కింది పేరుకీ సరిపోయేలా ఉంటే కొట్టేస్తారు. ఏమీ దొరకనివాళ్ళ గడి ఖాళీగా వదులుతారే తప్ప పొగడ్త అల్లరు. అందుకే ఆ వాక్యానికి విడి పేరా ఇస్తారు; లేకపోయినా ఉత్తరానికి అతుకు కనబడదు. మెయిల్ మెర్జ్ నొక్కేముందు పది ఉత్తరాలు పైకి చదువుతారు. పేర్ల కాలమ్ ఒక్కటే అక్షరక్రమంలోకి మారిపోతే ఒకరి గాలిమర ఇంకొకరింటికి చేరుతుంది మరి. "ఆ గాలిమర ఇంకా ఉందా అమ్మా?" అంటూ ఉత్తరం అందుకున్న ఒకాయన మొన్న ఫోన్ చేశారు.