చూసినంతే రాసే పనితనం

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగింది. అలాంటి ప్రమాదంలో బయట నిలబడ్డ కార్మికుడు తన వాంగ్మూలంలో "డ్రయ్యర్ పేలింది" అని రాస్తే అది ఊహే. "గేటు దగ్గరున్నాను, పెద్ద శబ్దం విన్నాను, తిరిగి చూస్తే షెడ్డు మీద పొగ లేచింది" అని రాస్తే సాక్ష్యం. కారణం చెప్పాలన్న ఆత్రాన్ని ఆపుకోవడమే ఇందులో నేను మెచ్చే పనితనం. ఎవరైనా చెప్పగా విన్నదైతే వాళ్ల పేరుతోనే రాయాలి. టైము గుర్తులేదే అంటారా? "షిఫ్టు ఎక్కాక, టీకి ముందు" అంటే చాలు, దర్యాప్తు చేసేవాళ్లు హాజరు రికార్డుతో సరిపోల్చుకుంటారు. ఆఫీసు భాష రాదన్న బెంగా అనవసరమే. మన నోటి మాటలో రాసిందే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మనకు గుర్తుంటుంది. అరువు మాటలు అక్కడే తడబడతాయి. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలంపై సాక్షి సంతకం ఉండకూడదని బీఎన్ఎస్ఎస్ 181వ సెక్షన్ చెబుతోంది. మీరే రాసిచ్చే కాగితమైతే మాత్రం, ఒకరితో పైకి చదివించుకుని విన్నాకే సంతకం పెట్టండి.