వేళ్ల సందుల్లో వెతకాల్సిన గీత

మే నెలలో కరీంనగర్‌లో దురదతో వచ్చేవాళ్లు చాలామంది జబ్బు పేరు తామే చెప్పేస్తారు. ‘‘సెమటకాయలు సార్, ఎండలకు.’’ చాలాసార్లు అది నిజమే. చలికాలంలో ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు వెళ్తే అదే దురదకు మరో కారణం చెబుతారు. ‘‘దోమలు కరిసినయి’’, లేకపోతే ‘‘మంచంల నల్లులున్నయి.’’ అందులోనూ అబద్ధమేమీ లేదు. అయితే ఈ రెండు మాటల చాటున గజ్జి నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఇల్లంతా తిరుగుతుంది. నా వృత్తిలో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయాల్లో ఇదొకటి. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, మంచి వెలుతురు చాలు. ఎక్కడ చూడాలో తెలిసి ఉండాలి, అంతే.

రోగి చూపించే చోటు ఒకటి, గజ్జి పురుగు ఉండే చోటు మరొకటి. చిక్కంతా అక్కడే ఉంది. బొడ్డు చుట్టూ, నడుము దగ్గర, పిరుదుల మీద, తొడల మీద కనిపించే ఎర్రటి పొక్కుల్లో ఎక్కువ భాగం పురుగు పడక ఒళ్లు చేసే అలజడి. వాటిలో పురుగు దొరకదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లో కెనెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త గజ్జి సోకిన సైనికుల ఒంటి మీది పురుగులను ఓపికగా లెక్కపెట్టాడు. ఒక్కో మనిషికి సగటున తేలినవి 11 మాత్రమే. వాటిలోనూ సగానికి పైగా చేతుల్లో, మణికట్ల దగ్గరే దొరికాయి. అందుకే చొక్కా ఎత్తి పొట్ట చూపించబోయిన మనిషిని ఆపి, ముందు చేతులు చాపమంటాను.

సంక్రాంతి సెలవులకు ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికొచ్చిన పదకొండేళ్ల పిల్లవాణ్ని తల్లి తీసుకొచ్చింది. నడుము చుట్టూ, నిక్కరు బొందు కట్టుకునే చోట పొక్కులు, గోకిన గీట్లు. చెమటకాయలని ఆమె గట్టి నమ్మకం. కానీ అది జనవరి, రాత్రయితే దుప్పటి వదల్లేని చలి. చెమట గ్రంథుల నోళ్లు పూడుకుపోయి చెమట చర్మంలోనే నిలిచిపోతే వచ్చేవి చెమటకాయలు. మెడ, వీపు, రొమ్ము, చర్మం మడతపడే చోట్లు, బట్ట ఒరుసుకునే చోట్లు వాటికి ఇష్టం. ఆవగింజలంత, అన్నీ ఒకే తీరుగా లేస్తాయి, ఉక్క పోసినప్పుడు చురచురలాడతాయి, చల్లటి చోట ఉంటే రెండు మూడు రోజుల్లో అణిగిపోతాయి. వేళ్ల సందుల్లోకి రావు.

దోమకాట్ల సంగతి కూడా చూశాను. దోమో నల్లో కుట్టిన దద్దురుకు నడుమ సన్నటి చుక్క ఉంటుంది. దోమకైతే బట్ట కప్పని ఒళ్లు కావాలి, నల్లి కాట్లు ఒక్కోసారి వరసగా మూడు నాలుగు పడతాయి. చిన్నపిల్లలకు ఈ కాట్లు పడక కాళ్ల మీద గట్టి పొక్కులై వారాల తరబడి దురద పెట్టడమూ ఉంది. వీడికి మోకాళ్ల కింద దాదాపు ఏమీ లేదు, ఉన్నదంతా బట్టల కిందే. రాత్రి దురద ఎక్కువా అని అడిగితే తల్లి అవునంది. ఆ ఒక్క మాట మీదే తీర్పు చెప్పకూడదు, దోమా నల్లీ కూడా రాత్రి కుడతాయి కదా.

కుడిచేతి వేళ్లు విడదీసి కిటికీ వెలుగులోకి తిప్పాను. చూపుడువేలికీ మధ్యవేలికీ సందులో, అంగుళంలో నాలుగోవంతు పొడవున, తడి మట్టి మీద వానపాము పాకిన జాడలాగా వంకర తిరిగిన బూడిదరంగు గీత. ఒక కొస పొట్టు లేచి ఉంది, పురుగు లోపలికి దిగింది అక్కడ. రెండో కొసన సూదిమొనంత చుక్క ఉంటే పురుగు అక్కడున్నట్టు. మిల్లీమీటరులో మూడోవంతు ఉండే ఆడపురుగు చర్మం పైపొరలో ఇలా సొరంగం తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. గీత మీద ఫౌంటెన్ పెన్ను సిరా రాసి, కాసేపాగి, స్పిరిట్ దూదితో తుడవాలి. పైనున్న సిరా పోతుంది, సొరంగంలోకి ఇంకింది నీలిగీతగా మిగులుతుంది. వీడి చేతి మీద మిగిలింది. మిగలకపోతే గజ్జి కాదని మాత్రం అనుకోకూడదు. గోకి గోకి గీతలు చెరిగిపోయిన చేతులే ఎక్కువ.

తల్లిని అడిగాను, ‘‘నీకు లేదా అమ్మా దురద?’’

‘‘ఉన్నది సార్. గది పత్తి ఏరుడుతోని.’’

ఆదిలాబాద్ జిల్లాలో ఆ జవాబును ఎవరూ కాదనలేరు. పత్తికాయ డిప్పల మొనలు గీరుకుని ఆ చేతులనిండా గీట్లే. ఆ గీట్లు తిన్నగా ఉంటాయి, వేళ్ల కొసల మీద, గోళ్ల చుట్టూ పడతాయి, ఎండి నల్లబడతాయి, పత్తి అయిపోతే మానతాయి. ఆమె మణికట్టు లోపలివైపు ఉన్న రెండు గీతలకు పత్తితో పనిలేదు. దసరా సెలవుల్లో కొడుకు ఆమె పక్కనే అదే దుప్పట్లో పడుకున్నాడు. ఆమెకు దురద మొదలైంది నవంబరు చివర్లో. గజ్జి మొదటిసారి సోకినప్పుడు ఒళ్లు దురద పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇంత ఎడం ఉండబట్టే రెండింటికీ సంబంధం ఉందని ఇంట్లో ఎవరికీ తోచదు. రెండోసారి సోకితే రోజుల్లోనే మొదలవుతుంది.

మెడికల్ షాపులో ఇచ్చిన ఒక ట్యూబు వాడారట. నాలుగు రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదటికొచ్చింది. స్టెరాయిడ్ కలిసిన మందులతో వచ్చే చేటు ఇదే. అవి దురదను అణిచి పొక్కుల ఆకారాన్నే మార్చేస్తాయి, పురుగు హాయిగా పెరుగుతుంది. ఆ తర్వాత చూసే డాక్టరుకు పోల్చుకోవడం ఇంకా కష్టం. రాసుకోగానే తగ్గి, మానగానే తిరగబెట్టిన దురద కనిపిస్తే ఇంటిల్లిపాది చేతులూ చూడాల్సిందే.

గీత దొరకనప్పుడు ఏం చేయాలి? నిపుణులు 2020లో ప్రకటించిన ప్రమాణాలు ఇందుకు పనికొస్తాయి. గజ్జి లేచే చోట్లలో గజ్జి తరహా పొక్కులుండి, దురద ఉండి, కలిసి మెలిగినవాళ్లలో ఇంకెవరికైనా ఉంటే గజ్జిగానే లెక్క వేయవచ్చు. మగవాళ్లలో జననాంగం మీద గట్టి దురద బొడిపెలుంటే అనుమానం మరీ బలపడుతుంది. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, కాబట్టి అడగాలి. పాలు తాగే పిల్లల్లో లెక్క మారుతుంది. అరచేతులు, అరికాళ్లు, తల కూడా చూడాలి.

మందు దగ్గర జరిగే పొరపాటు దురద ఉన్నవాళ్లకే రాయడం. ఆ ఇంట్లో నలుగురికీ ఒకే రాత్రి 5 శాతం పెర్మెత్రిన్ క్రీము రాయమన్నాను. మెడ నుంచి పాదాల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, పొక్కు లేని చోట కూడా. పొద్దున కడుక్కోవాలి, వారం తర్వాత మళ్లీ రాయాలి. నెలల బిడ్డకు, గర్భిణికి డాక్టరు చూసి చెప్పాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి సంచిలో మూతికట్టి మూడు రోజులు పక్కన పెడితే చాలు, మనిషి ఒంటికి దూరమైతే పురుగు అంతకుమించి బతకదు.

ఇంకో మాట ముందే చెప్పి పంపాను. పురుగు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది, అది చూసి మందు పనిచేయలేదని రోజూ పూయవద్దని. కొత్త గీతలు లేస్తే, నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే మళ్లీ రావాలి. గోకిన చోట చీము పట్టినా, పొద్దున లేవగానే పిల్లవాడి ముఖం ఉబ్బినా, మూత్రం టీ రంగులో వచ్చినా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకురావాలి. చీము పట్టించే క్రిమి కొందరు పిల్లల్లో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. హాస్టల్ వార్డెనుకు ఒక చీటీ రాసిచ్చాను, ఆ గదిలో పిల్లవాడి పక్కన పడుకునే పిల్లలందరి చేతులూ చూపించమని.