నిద్ర రిపోర్టును ఐదు వాక్యాల్లోకి దింపిన చెయ్యి

"మీరు మంచం మీద ఉన్నది ఏడున్నర గంటలు, నిద్రపోయింది ఆరు గంటలు. నిద్రలో గంటకు సగటున 25 సార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గింది; ఇది మధ్యస్థ స్థాయి. వెల్లకిలా ఉన్నప్పుడు గంటకు 40, పక్కకు తిరిగినప్పుడు 10. ఆక్సిజన్ 79 శాతం దాకా దిగింది, మొత్తం 36 నిమిషాలు 90 కన్నా కింద ఉంది. గాఢనిద్ర అరగంట, కలల నిద్ర ఒక గంట; ఆ ఒక్క గంటలోనే 50 సార్లు శ్వాసకు ఆటంకం కలిగింది."

ఒక ఊపిరితిత్తుల డాక్టరుగారు తన పేషెంటు కోసం స్లీప్ స్టడీ రిపోర్టు పైన చేత్తో రాసిన వాక్యాలివి. వెనక ఉన్న పేజీల నిండా పట్టికలు, గ్రాఫులు. ఆ రాత్రిని 30 సెకన్ల ముక్కలుగా కోసి, 900 ముక్కల్లో ప్రతిదానికీ ఇది మెలకువ, ఇది ఏ దశ నిద్ర అని టెక్నీషియన్ గుర్తు పెట్టిన ఫలితం అది. అందులోంచి ఏది తీసుకోవాలో, ఏది వదలాలో తెలిసిన మనిషి పనితనం ఈ ఐదు వాక్యాల్లో ఉంది.

మొదటి వాక్యం మామూలు సమాచారంలా కనిపిస్తుంది గానీ రెండో వాక్యం నిలబడింది దాని మీదే. కనీసం పది సెకన్ల పాటు గాలి దాదాపు పూర్తిగా ఆగితే ఆప్నియా, కొంత తగ్గితే హైపోప్నియా. ఆ రాత్రి రెండూ కలిపి 150. ఆరు గంటల నిద్రతో భాగిస్తే 25. అదే ఆప్నియా-హైపోప్నియా సూచిక. మంచం మీద గడిపిన ఏడున్నర గంటలతో భాగిస్తే 20కి పడిపోతుంది. ఇంట్లో పెట్టుకునే చిన్న పరికరాల్లో చాలావాటికి తల మీద తీగలుండవు, నిద్రేదో మెలకువేదో వాటికి తెలియదు. అందుకే వాటి అంకె తక్కువగా వస్తుంది. ఏ గంటలతో లెక్క కట్టారో ముందే చెప్పేయడం వల్ల పేషెంటు రేపు రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని తికమకపడడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆక్సిజన్ వాక్యం. ప్రింటులో కనిష్ఠం 79 కాదు, 61 అని ఉంది. డాక్టరుగారు దాన్ని కొట్టేసి, గ్రాఫులో ఆ నిమిషానికి వెళ్ళి చూశారు. శ్వాస నిజంగా ఆగినప్పుడు ఆక్సిజన్ వెంటనే పడదు. ఊపిరితిత్తుల్లోంచి రక్తం వేలిదాకా రావాలి కాబట్టి కొన్ని సెకన్లు ఆలస్యంగా, మెల్లగా జారుతుంది. శ్వాస తిరిగి అందాక గబుక్కున లేస్తుంది. ఇదే వరసగా జరిగితే గీత రంపపు పళ్ళలా కనిపిస్తుంది. 61 దగ్గర అలా లేదు. గీత ఒక్క దెబ్బన నిట్టనిలువుగా పడింది, అదే క్షణంలో నాడి గీత కూడా చెదిరిపోయింది, ముక్కు దగ్గర గాలి మాత్రం ఎప్పటిలాగే ఆడుతోంది. అంటే వేలికి పెట్టిన క్లిప్పు జారింది. కంప్యూటరు దాన్ని కూడా నమ్మి ముద్రించింది. 79 దగ్గరున్నది అసలైన పన్ను: దానికి కాస్త ముందు గాలి గీత చదునుగా ఉంది, ఛాతీ బెల్టు మాత్రం కదులుతూనే ఉంది. మనిషి గాలి కోసం పెనుగులాడుతున్నాడు, గొంతు మూసుకుపోయి ఉంది.

36 నిమిషాలను కూడా చేర్చడం మంచి పని. ఒక్క క్షణపు కనిష్ఠం భయపెడుతుంది. ఎంతసేపు తక్కువగా ఉందన్నదే భారమెంతో చెబుతుంది.

గాఢనిద్ర అరగంటే అని రాసి, ఇది లోపం అనకుండా ఊరుకున్నారు. ఒంటినిండా తీగలతో కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి నిద్ర పలచబడటం మామూలే, వయసుతో కూడా ఆ దశ తగ్గుతుంది. తెలియనిదాన్ని తేల్చేయకపోవడం కూడా సంక్షేపంలో భాగమే.

ఒక్క మాట మాత్రం చేర్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆ 150లో 96 హైపోప్నియాలే. ఆక్సిజన్ 3 శాతం పడినా, మెదడు ఉలిక్కిపడి లేచినా లెక్కించే పద్ధతి ఒకటి; 4 శాతం పడితేనే లెక్కించేది మరొకటి. రెండో పద్ధతి వాడే ల్యాబులో ఇదే రాత్రికి సూచిక తగ్గుతుంది. ఏ పద్ధతో నాలుగు మాటల్లో చెప్పవచ్చు.

మూడో వాక్యాన్నీ ఐదో వాక్యాన్నీ కలిపి చదివితే తర్వాతి పని తెలుస్తుంది. కలల నిద్రలో గొంతు కండరాలు బాగా సడలుతాయి. వెల్లకిలా ఉంటే నాలుక కూడా వెనక్కి జారుతుంది. ఈ మనిషికి సగటు 25 అయినా గండం ఆ రెండు చోట్లే ఉంది. కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువగా వస్తుంది. కాబట్టి సీప్యాప్ యంత్రం పెట్టి గాలి పీడనం సరిచూసే రాత్రి, మూడింటికే ఆపేసి అంతా బాగుందనడం కుదరదు. వెల్లకిలా పడుకుని కలల నిద్రలో ఉన్న కాసేపైనా గీతలు సాఫీగా సాగితేనే ఆ పీడనం సరిపోయిందని రాయాలి.