మొదటిసారి ఎప్పుడనిపించింది?

రాజీనామా చేసిన స్టాఫ్ నర్స్‌ని చివరి రోజున హెచ్.ఆర్. గదిలో కూర్చోబెట్టి "ఎందుకు వెళ్లిపోతున్నారు సిస్టర్?" అని అడిగితే, ఏ ఆసుపత్రిలోనైనా దాదాపు ఒకే జవాబు వస్తుంది. "బెటర్ ఆపర్చునిటీ వచ్చింది మేడమ్." ఫారంలో 'జీతం' అన్న గడిలో టిక్కు పడుతుంది, సంతకం అవుతుంది, ఫైలు బీరువాలోకి పోతుంది. ఏడాది చివర ఎవరో ఆ టిక్కులు లెక్కపెట్టి, సగం మంది జీతం కోసమే వెళ్లారని యాజమాన్యానికి చెబుతారు. అంత జీతం ఇవ్వడం మనవల్ల కాదని యాజమాన్యం అంటుంది. మళ్లీ కొత్త నర్సులు కావాలని ప్రకటన. ప్రైవేటు ఆసుపత్రుల హెచ్.ఆర్.లో చాలాకాలంగా ఉన్నదాన్ని. ఈ తంతు చూసినప్పుడల్లా నాకు బాధే. ఆసుపత్రికి కావలసిన సమాధానం ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి దగ్గర ఉంది. దాన్ని బయటికి రానిచ్చే ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఆ అమ్మాయి అబద్ధమేమీ చెప్పలేదు. ఇంకోచోట జీతం ఎక్కువే ఇస్తామన్నారు. అయితే ఆ జవాబుతో ఆమె ఎక్కడికి వెళ్తోందో తెలుస్తుందిగానీ, వేరే ఉద్యోగం వెతకడం ఎందుకు మొదలుపెట్టిందో తెలియదు. 1985లో జరండోనా, కముసో అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, ఉద్యోగం మానేసినవాళ్లు వెళ్లేటప్పుడు చెప్పిన కారణాలను, ఏడాదిన్నర తర్వాత వాళ్లే చెప్పిన కారణాలతో పోల్చి చూశారు. వెళ్లేటప్పుడు 38 శాతం మంది జీతభత్యాలన్నారు, పైఅధికారి తీరు అన్నవాళ్లు 4 శాతమే. ఏడాదిన్నర గడిచాక జీతం అన్నవాళ్లు 12 శాతానికి తగ్గారు, పైఅధికారి అన్నవాళ్లు 24 శాతానికి పెరిగారు. తర్వాత 1994లో థామస్ లీ, టెరెన్స్ మిచెల్ ఇంకో మాట చెప్పారు. చాలామంది నెమ్మదిగా అసంతృప్తి పేరుకుని వెళ్లిపోరు, ఏదో ఒక సంఘటన 'ఇక్కడ ఉండాలా?' అన్న ఆలోచనను రేపుతుంది, వెతుకులాట అక్కడినుంచి మొదలవుతుంది అని. నేను ఇంటర్వ్యూ చేసే పద్ధతి అంతా ఈ రెండో మాట మీదే నిలబడింది.

అందుకే "ఎందుకు" అని అడగను. "వెళ్లిపోదామని మొదటిసారి ఎప్పుడనిపించింది?" అని అడుగుతాను. ఎందుకు అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. ఎప్పుడు అంటే మనిషి రోజులు వెనక్కి తిప్పుకుంటుంది.

అయితే ఆ ప్రశ్నకు నిజం రావాలంటే ముందు కొన్ని పనులు అయిపోవాలి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానేసిన తేదీ, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క, ఇవన్నీ ఆమె చేతికి అందాలి, లేదా కనీసం సంతకాలైనా అయి ఉండాలి. కొన్నిచోట్ల చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకుంటారు. అవి మన బీరువాలో ఉన్నంతకాలం ఎవరూ నోరు విప్పరు, విప్పుతారని ఆశపడటం కూడా తప్పే. ఇంటర్వ్యూ చేసేది వార్డు ఇన్‌ఛార్జ్ కాకూడదు, నర్సింగ్ సూపరింటెండెంట్ అసలే కాకూడదు. నైట్ డ్యూటీ దిగిన ఉదయం పిలవకూడదు, కళ్లు మూతలు పడుతున్న మనిషి త్వరగా బయటపడే జవాబే చెబుతుంది. నలభై నిమిషాలు చాలు. రాసుకుంటున్నది ఆమెకు కనబడేలా కాగితం బల్లమీదే ఉంచుతాను.

ఒక ఐసీయూ సిస్టర్‌తో జరిగిన మాటలు ఇవి. చేరి ఏడాది కాలేదు, ఆసుపత్రి హాస్టల్లోనే ఉండేది. మొదట ఆమె కూడా జీతమే అంది. ఎప్పుడనిపించిందని అడిగితే కాసేపు ఆగి, "దసరా ముందు మేడమ్" అంది.

"ఏమైంది అప్పుడు?"

"అక్క సీమంతం. నెల ముందే ఆఫ్ అడిగాను, రోస్టర్లో ఇచ్చారు కూడా. బస్సు టికెట్ తీసుకున్నాను. ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో రోస్టర్ మళ్లీ పెట్టారు. నాకు నైట్ వేశారు."

"ఎవరికైనా చెప్పారా?"

"ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పాను. స్టాఫ్ లేరమ్మా, నన్నేం చెయ్యమంటావు అన్నారు. ఆమెను మాత్రం ఏం అంటాం మేడమ్, ఆమె పరిస్థితీ అంతే."

"తర్వాత?"

"ఆ నైట్ బ్రేక్‌లోనే ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, మీ హాస్పిటల్లో ఖాళీలున్నాయా అని అడిగాను."

జీతం మాట అక్కడికి ఇంకా రానేలేదు. ఖాళీ ఉందని తెలిశాక, అక్కడ రెండువేలు ఎక్కువని తెలిసింది. ఫారంలోకి ఎక్కింది ఆ రెండువేలే.

ఇక రాసుకోవడం. ఒక్కో ఇంటర్వ్యూకి ఒక వరుస. ఏ వార్డు, చేరి ఎన్ని నెలలు, ఎక్కడ ఉంటుంది, మొదటి ఆలోచన ఏ నెలలో, అప్పుడు జరిగిందేమిటి, ఎవరికి చెప్పింది, వాళ్లేం చేశారు, చివరికి ఏది తేల్చింది, ఎక్కడికి వెళ్తోంది. 'అప్పుడు జరిగిందేమిటి' అన్నదాన్ని ఆమె మాటల్లోనే రాస్తాను. దానికి పేరు తర్వాత పెడతాను, ఆ పేరు పెట్టడంలోనే సగం ఇంటర్వ్యూలు పాడవుతాయి. ఆ సిస్టర్ చెప్పినదాన్ని 'పని ఒత్తిడి' అని రాస్తే అది పని ఒత్తిడి గుట్టలో కలిసిపోతుంది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. 'ఇచ్చిన ఆఫ్ చివరి నిమిషంలో రద్దు' అని రాస్తే, దాని వెనక ఒక రిజిస్టరు ఉంటుంది, ఒక పద్ధతి ఉంటుంది, సరిచేయగల మనిషి ఉంటారు. పది పేర్లకు మించనివ్వను. అదే నోట్సును ఇంకొకరు విడిగా చదివి వాళ్ల పేరు వాళ్లు పెడతారు. ఇద్దరికీ తేడా వచ్చినచోట మళ్లీ ఆమె మాటల దగ్గరికే వెళ్తాం.

ఈ వరుసలనుంచి తీరు ఎలా బయటపడుతుందో ఒక ఊహాలెక్కతో చెబుతాను. ఒక ఆసుపత్రిలో 200 మంది నర్సులు, ఏడాదిలో 60 మంది వెళ్లిపోయారు అనుకుందాం. జనరల్ వార్డులనుంచి 20, ఐసీయూనుంచి 20, మిగతా అన్నిచోట్ల కలిపి 20. ఇంతవరకే చూస్తే అన్నీ సమానం. కానీ జనరల్ వార్డుల్లో 80 మంది పనిచేస్తున్నారు, ఐసీయూలో 40 మందే. అక్కడ నలుగురిలో ఒకరు పోతే ఇక్కడ ఇద్దరిలో ఒకరు పోయారు. ఎంతమందిలోంచి ఎంతమంది అన్నది రాయని పట్టిక మోసం చేస్తుంది. ఇప్పుడు ఐసీయూనుంచి వెళ్లిన ఆ 20 మందిలో మొదటి సంఘటన ఏమిటో చూస్తే, 11 మందికి రోస్టర్ మారడం. ఆ 11 మందిలో 9 మంది చేరి ఏడాది నిండనివాళ్లు, హాస్టల్లో ఉండేవాళ్లు.

చాలామంది ఇక్కడే ఆగి, ఐసీయూలో రోస్టర్ సమస్య అని నివేదిక రాసేస్తారు. అది తొందరపాటు. ఇప్పటిదాకా మనం విన్నది వెళ్లిపోయినవాళ్ల మాటే. అదే ఐసీయూలో మిగిలినవాళ్లకూ రోస్టర్ అంతే మారుతూ, వాళ్లు ఉండిపోయారంటే, కారణం మరొకటి. అందుకే పాత రోస్టర్లు తీసి, డ్యూటీకి రెండు రోజులలోపు జరిగిన మార్పులు ఎవరి మీద పడ్డాయో పేరుపేరునా లెక్కపెట్టాలి. విసుగు పని, కానీ అసలు విషయం బయటపడేది ఇక్కడే. ఎవరైనా సెలవు పెడితే ఇన్‌ఛార్జ్ మొదట ఫోన్ చేసేది హాస్టల్‌కి. ఐదు నిమిషాల్లో రాగలిగేది వాళ్లే. పిల్లలున్న సీనియర్ కాదనగలదు, కొత్తగా చేరిన అమ్మాయి కాదనలేదు. ఇందులో ఇన్‌ఛార్జ్ దుర్మార్గం ఏమీ లేదు. రాత్రి ఎనిమిదికి వెంటిలేటర్ మీదున్న పేషెంటు దగ్గర మనిషి లేకపోతే ఎవరైనా అదే చేస్తారు. ఆసుపత్రి ఉచితంగా ఇచ్చిన హాస్టలే ఆ అమ్మాయిని పంపించేస్తోందన్న సంగతి ఆ లెక్క తీసేదాకా ఎవరికీ కనబడదు. ఒక్క ఇంటర్వ్యూలో కూడా ఎవరూ ఆ మాట అనరు, ఎందుకంటే తనకు జరిగింది తనకు తెలుసు, పక్కవాళ్లందరికీ ఎంత జరిగిందో ఎవరికి తెలుస్తుంది?

మార్చవలసింది ఇప్పుడు చిన్నదైపోయింది. ఏడు రోజుల ముందు రోస్టర్ ఖాయం. ఆ తర్వాత ఖాళీ పడితే రిజర్వు జాబితాలోంచి పిలవాలి. ఆ జాబితాలో సీనియర్లతో సహా అందరూ వంతులవారీగా ఉంటారు. పిలుపు వచ్చినవాళ్లకు ప్రతిగా మరో ఆఫ్, అదీ అదే నెలలో. ఫలితం తెలియడానికి రాజీనామాల కోసం ఎదురుచూడక్కర్లేదు. నెల తిరిగేసరికి డ్యూటీకి రెండు రోజులలోపు జరిగిన మార్పులెన్ని, అవి హాస్టల్ మీద ఎన్ని పడ్డాయి అన్నది తెలిసిపోతుంది. ఆ అంకె కదలకపోతే పద్ధతి కాగితం మీదే ఉందన్నమాట. అది తగ్గి, చేరి ఏడాది నిండని నర్సుల రాజీనామాలు మాత్రం తగ్గకపోతే మన ఊహే తప్పు. నలభై మంది ఉన్నచోట ఒక త్రైమాసికంలో రాజీనామాలు రెండో మూడో తగ్గితే అది మన ఘనత అనుకోవడానికి లేదు, ఊరికే కూడా తగ్గుతాయి. కనీసం ఏడాది చూడాలి. అందులోనూ ప్రభుత్వ స్టాఫ్ నర్స్ నియామకాలు జరిగిన నెలలను విడిగా పెట్టి చూడాలి. ఆ పోస్టింగు వచ్చిన అమ్మాయిని ఏ రోస్టరూ ఆపలేదు, ఆపాలనుకోవడం న్యాయం కూడా కాదు.

పై యాజమాన్యానికి ఇచ్చే కాగితంలో ఐదుగురికన్నా తక్కువ మంది చెప్పిన విషయం విడిగా రాయను. 'ఐసీయూ, ఎనిమిది నెలలు, సీమంతం' అంటే చాలు, మనిషి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఆమె రేపు రిఫరెన్సు కోసం ఇదే ఇన్‌ఛార్జ్‌కి ఫోన్ చేయాలి. ఐదుగురు లేకపోతే రెండు త్రైమాసికాలవి కలిపి చెబుతాను, లేదా ఇంకా ఆగుతాను. ఒక్కటే దీనికి మినహాయింపు. వేధింపు గురించి ఎవరైనా చెబితే అది లెక్కల్లోకి వెళ్లే విషయం కాదు. అది అంతర్గత కమిటీకి వెళ్లాలి, వెళ్తుందని ఇంటర్వ్యూ మొదట్లోనే ఆమెకు చెప్పాలి.

ఇంత చేసినా కొందరు మనకు దొరకరు. జీతం పడిన మర్నాడు హాస్టల్ గది ఖాళీ చేసి, ఫోన్ తీయకుండా పోయినవాళ్లు. వాళ్ల ఫైలు మీద చాలాచోట్ల 'అబ్‌స్కాండింగ్' అని రాసి మూసేస్తారు. నా లెక్కలో అందరికన్నా ముందు వినవలసింది వాళ్ల మాట. నోటీస్ పీరియడ్ నెల రోజులు కూడా ఓర్చుకోలేనంతగా ఏం జరిగిందో వాళ్లకే తెలుసు. మూడు నెలలాగి, ఆసుపత్రి నంబరునుంచి కాకుండా వేరే నంబరునుంచి ఫోన్ చేసి, నేనెవరో మొదటే చెప్పి, రావలసిన జీతం, పీఎఫ్ సంగతి ముందు మాట్లాడతాను. కొందరు పెట్టేస్తారు. మాట్లాడినవాళ్లను కూడా అదే అడుగుతాను, మొదటిసారి ఎప్పుడనిపించిందని. చేరిన మొదటి వారంలోనే అని చెప్పేవాళ్లు వీళ్లలో ఎక్కువ. ఆ జవాబు వచ్చినచోట రోస్టర్ పక్కన పెట్టి, ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆ అమ్మాయికి ఏ వార్డు అని చెప్పామో, ఎక్కడ వేశామో చూడటం మొదలుపెడతాను.